అరకు పోస్టుకి అంకె వేయాలా వద్దా? కారౌసెల్‌లో లిస్టు ఎప్పుడు, వేరే రూపం ఎప్పుడు

ఇన్‌స్టాగ్రామ్‌లో వైజాగ్ అని వెతికితే "తప్పక చూడాల్సిన 10 ప్రదేశాలు" అనే కారౌసెల్, అంటే పక్కకి జరుపుతూ చూసే స్లైడ్ల పోస్టు, ఒకటి తగలకుండా ఉండదు. లోపల ఆర్కే బీచ్, కైలాసగిరి, కుర్సురా సబ్‌మెరైన్, రుషికొండ, సింహాచలం, భీమిలి, యారాడ. ఇంకో పేజీ తెరిచినా అవే, వరస మారి ఉంటాయంతే. ఊళ్లో వాళ్లకి అందులో కొత్త ముక్క ఒక్కటీ ఉండదు. బయటినుంచి వచ్చేవాళ్లకి అవి మ్యాపులోనే కనిపిస్తాయి. అయినా ఇలాంటి పోస్టులు ఆగవు. పేర్లు రాసి, పక్కన అంకె వేసి, ఫోటో పెడితే అయిపోతుంది కాబట్టి.

నేను ఈ ఊళ్లో చిన్న వ్యాపారాలకి ఇలాంటి పోస్టులు తయారు చేస్తుంటాను. లిస్టు వద్దు అని చెప్పడం నా ఉద్దేశం కాదు. కొన్ని విషయాలకి అంతకంటే మంచి రూపం లేదు. కానీ చేతిలో ఉన్న విషయం ఏదైనా సరే ముందుగా అంకె వేసేసి, ఆ తర్వాత దాన్ని నింపడానికి కూర్చుంటున్నారు. అక్కడే వస్తోంది తంటా. అందుకని ఒకే సరుకు తీసుకుని, దాన్ని నాలుగు రూపాల్లో ఎలా పెట్టొచ్చో, ఏది ఎప్పుడు ఎంచుకోవాలో చూద్దాం.

సరుకు ఇది. మద్దిలపాలెంలో టూరిస్టులకి కార్లు అద్దెకిచ్చే ఒకాయన ఉన్నారనుకోండి. శీతాకాలం సీజన్‌కి అరకు మీద ఒక కారౌసెల్ కావాలంటారు. "ఏడు చోట్లు పెట్టేయండి, అందరూ అలాగే పెడుతున్నారు కదా" అంటారు. ఏడూ తనే చెబుతారు కూడా: బొర్రా గుహలు, కటికి జలపాతం, అనంతగిరి కాఫీ తోటలు, గాలికొండ వ్యూ పాయింట్, పద్మాపురం గార్డెన్స్, గిరిజన మ్యూజియం, చాపరాయి.

ఏడు చోట్లు అనగానే చదివేవాళ్లు ఏమనుకుంటారు

స్లైడు మీద 1, 2, 3 అని కనిపించగానే చూసేవాళ్లు కొన్ని విషయాలు అడక్కుండానే నమ్మేస్తారు. ఇవన్నీ ఒకే స్థాయివని, ఒకదానికొకటి అడ్డం రావని, వీలైతే అన్నీ చేసేయొచ్చని. ఇంకా కొందరు 1 అంటే అన్నిటికంటే గొప్పదని కూడా అనుకుంటారు. అంకె వేసినవాళ్లు ఇవేవీ అనుకుని ఉండరు. అయినా అంకె ఆ మాటలన్నీ చెప్పేస్తుంది.

ఇప్పుడు ఆ ఏడింటినీ ఒక్క రోజులో పెట్టి చూడండి. వైజాగ్ నుంచి అరకు రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. ఎస్.కోట దాటాక ఘాట్ మొదలవుతుంది కాబట్టి మూడు, మూడున్నర గంటలు పడుతుంది. రానూపోనూ ఏడు గంటలు. పొద్దున ఆరుకి బయల్దేరి రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరాలంటే చేతిలో మిగిలేది ఎనిమిది గంటలు. బొర్రా గుహల్లో మెట్లు దిగి ఎక్కి రావడానికి గంటన్నర తక్కువ కాదు. కటికికి కారు నేరుగా వెళ్లదు, జీపు మాట్లాడుకుని కొంత నడవాలి, దానికే రెండు గంటలు పైన. చాపరాయి అరకు దాటి పాడేరు వైపు వెళ్లాలి. మధ్యలో భోజనం. సీజన్‌లో శని, ఆదివారాలైతే దారి పొడుగునా బళ్ల వరసలు. ఏడింటిలో నాలుగు కుదిరితే మంచి రోజు అన్నట్టు.

అంటే ఈ ఏడూ ఒకే స్థాయివి కావు. ఒకటి పెట్టుకుంటే ఇంకోటి పోతుంది. కటికి అంటే చాపరాయి వదులుకోవాలి. లిస్టు ఈ సంగతి దాచిపెడుతుంది. కావాలని కాదు, చెప్పడానికి దానికి చోటు లేదు. పోస్టు నమ్మి బండి మాట్లాడుకున్న కుటుంబం సాయంత్రం నాలుగింటికి "ఇంకా మూడు మిగిలాయి కదా" అని డ్రైవర్‌ని నిలదీస్తుంది. ఆ కోపం పోస్టు రాసినవాళ్ల మీదకి రాదు, పాపం డ్రైవర్ మీదకి వెళ్తుంది.

అందుకని లిస్టు పెట్టే ముందు నేను చేసే పరీక్ష ఒకటే. కవరు, చివరి స్లైడు పక్కనపెట్టి, మిగతా స్లైడ్లని పేక ముక్కల్లా కలిపేస్తాను. వరస మారినా ఏమీ చెడకపోతే, ఒకటి తీసేసినా మిగతావాటికి నష్టం లేకపోతే, అది నిజమైన లిస్టు. కలిపితే చెడిపోతుందంటే అవి అడుగులు, వరసగానే చెప్పాలి. కలపగానే "ఇది చేస్తే అది కుదరదు కదా" అనిపిస్తే అది ఎంపిక, పక్కపక్కన పెట్టి చూపించాలి. అన్నీ ఒకే మాట చుట్టూ తిరుగుతున్నాయంటే అసలు లిస్టే కాదు. ఆ ఒక్క మాటనే సాగదీయకుండా విప్పి చెప్పాలి.

అదే అరకు, నాలుగు రూపాల్లో

ముందు లిస్టుకి నిజంగా తగిన భాగం ఏదో చూద్దాం. అరకు ప్రయాణంలో అది ఉంది: వెంట తీసుకెళ్లాల్సినవి. డిసెంబరు, జనవరిలో స్వెటర్లు, పిల్లలకి టోపీలు. ఘాట్ మలుపుల్లో వాంతులు పడేవాళ్లకి బయల్దేరే ముందే వేసుకునే మాత్ర. సిగ్నల్ లేనిచోట్ల ఫోన్‌తో డబ్బులు పంపడం కుదరదు కాబట్టి చేతిలో చిల్లర నోట్లు. గుహల మెట్లకి పట్టు ఉన్న చెప్పులు. ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్న మ్యాపు. ఇవి ఎటు కలిపినా చెడవు. ఏది మర్చిపోయినా దాని నష్టం దానిదే. చదివినవాళ్లు సేవ్ చేసుకుని, బ్యాగు సర్దుకునే రాత్రి మళ్లీ తెరుస్తారు. ఇలాంటిదానికి లిస్టుని మించింది లేదు. నేనైతే అంకెల బదులు టిక్కు పెట్టుకునే గడులు వేస్తాను. ఇక్కడ ఎన్నోది అన్నది ముఖ్యం కాదు, పెట్టామా లేదా అన్నదే ముఖ్యం. పైగా అయిదు వస్తువులకి అయిదు స్లైడ్లు అక్కర్లేదు. అన్నీ ఒక్క స్లైడులో పెడితేనే స్క్రీన్‌షాట్ తీసుకోవడానికి వీలు.

అడుగుల రూపానికి అరకు కాఫీ సరిగ్గా సరిపోతుంది. పొడి కొనుక్కుని ఇంటికి వచ్చాక దాన్ని ఎలా కలపాలో చాలామందికి తెలీదు. ఫ్రెంచ్ ప్రెస్ అయితే 15 గ్రాముల బరక పొడి, 250 మిల్లీలీటర్ల నీళ్లు. నీళ్లు మరిగాక అర నిమిషం ఆగి పోయాలి, ఒకసారి కలిపి మూత పెట్టాలి, నాలుగు నిమిషాలయ్యాక ప్రెస్‌ని మెల్లగా కిందికి నొక్కాలి, వెంటనే కప్పులోకి వంపేయాలి. ఇక్కడ అంకెకి పని ఉంది. మూడో అడుగుని రెండోదానికంటే ముందు చేస్తే కాఫీ పాడవుతుంది. కాబట్టి స్లైడు మూలన పెద్దగా 1, 2, 3 వేసుకోవచ్చు, ఎవరికీ విసుగు రాదు. పొయ్యి దగ్గర నిలబడి, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని "ఇప్పుడు ఎక్కడున్నాను" అని చూసుకునేవాళ్లకి ఆ అంకే ఆసరా. అయితే "అరకు కాఫీ ఎందుకు మంచిదో 5 కారణాలు" అన్న పోస్టుకి కూడా ఇవే పెద్ద అంకెలు వేస్తుంటారు. కారణాలకి వరస ఉండదు. అక్కడ అంకె ఉత్త అలంకారం.

ఇక అసలు ప్రశ్న, ఆ కార్ల ఆయనకి నిజంగా పనికొచ్చేది. అరకు వెళ్లాలనుకునే వైజాగ్ కుటుంబం ఏం మాట్లాడుకుంటుంది? ఏడు చోట్ల గురించి కాదు. "రైల్లో వెళ్దామా, కార్లో వెళ్దామా" అని. పిల్లలు రైలంటారు, అమ్మమ్మకి మోకాళ్ల నొప్పులు, నాన్నకి సాయంత్రానికల్లా తిరిగొచ్చేయాలి. ఇది ఎంపిక. దీన్ని లిస్టులో పెడితే "రైలు ప్రయాణం వల్ల 5 లాభాలు" అయి కూర్చుంటుంది. పోలికగా పెడితే ఇలా వస్తుంది:

కవర్: అరకు రైల్లోనా, కార్లోనా? ఇంట్లో ఎవరెవరు వస్తున్నారో చూసి తేల్చుకోండి.

రెండో స్లైడు: ఒక్క రోజే ఉంటే, చూడగలిగేది రెండు మూడు చోట్లు. ఎలా వెళ్తారన్నదాన్ని బట్టి ఏ మూడో తేలుతుంది.

మూడో స్లైడు: రైలు. కిరండూల్ రైలు తెల్లవారగానే బయల్దేరుతుంది. సొరంగాలు, లోయలు చూస్తూ వెళ్లడమే సగం ప్రయాణం. విస్టాడోమ్ సీట్లు సీజన్‌లో ముందే అయిపోతాయి. టైము రైల్వే సైటులో చూసుకోండి.

నాలుగో స్లైడు: రైలుతో కుదరనివి. గాలికొండ, అనంతగిరి తోటల దగ్గర దిగడం. బొర్రా స్టేషన్‌లో దిగితే గుహలు దగ్గరే, కానీ అక్కణ్నించి అరకుకి బండి మాట్లాడుకోవాలి.

ఐదో స్లైడు: కారు. ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు. వాంతులు పడేవాళ్లకి ఘాట్ కష్టం. తిరుగు ప్రయాణం చీకటి పడకముందే మొదలవ్వాలి.

ఆరో స్లైడు: రెండూ కావాలంటే, వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు కారు. చాలామంది ఇదే చేస్తారు.

ఏడో స్లైడు: ఇంట్లో పెద్దవాళ్లుంటే బొర్రా మెట్లు వదిలేసి గాలికొండ, మ్యూజియం పెట్టుకోండి. పిల్లలుంటే రైలు, బొర్రా. ఫోటోల పిచ్చి ఉన్న జంటలైతే కారు, తోటలు.

అదే ఏడు స్లైడ్లు, అంకె ఒక్కటీ లేదు. ఆ ఏడు చోట్లలో నాలుగు ఇందులోకి వచ్చేశాయి, కానీ ఎవరికి ఏది అన్న మాటతో సహా వచ్చాయి. ముఖ్యంగా ఆరో స్లైడు చూడండి. తిరుగు ప్రయాణానికి కారు కావాలన్న మాట అక్కడ దానంతటదే వచ్చింది. "మమ్మల్ని సంప్రదించండి" అని చివర్లో బతిమాలాల్సిన పని లేదు. రైలు గురించి మంచిగా రాస్తే గిరాకీ పోతుందని ఆయన భయపడొచ్చు. రైల్లో వెళ్లాలనుకునేవాళ్లు ఎలాగూ వెళ్తారు. తిరిగొచ్చేటప్పుడు ఎవరికి ఫోన్ చేస్తారన్నదే ఆయనకి కావాల్సింది.

నాలుగో రూపం, ఒకే మాటని విప్పి చెప్పడం. కటికి జలపాతం ఒక్కటే తీసుకోండి. లిస్టులో అది "2. కటికి జలపాతం, అందమైన జలపాతం, తప్పక చూడండి" అని ఒక ముక్క. అదే విడిగా ఒక కారౌసెల్ అయితే: జీపు ఎక్కడ మాట్లాడుకోవాలి, దారి ఎలా ఉంటుంది, ఎంత దూరం నడవాలి, వానాకాలంలో నీళ్లెలా ఉంటాయి, ఎండాకాలంలో వెళ్తే ఏం నిరాశ, దీనికోసం ఆ రోజు ఇంకేది వదులుకోవాలి. కవర్ మీద "కటికి వెళ్లాలంటే ఆ రోజు ఇంకేమీ పెట్టుకోకండి" అని రాస్తే చాలు. ఒక్కో స్లైడు తర్వాతిదానికి దారి తీస్తుంది, అంకె లేకపోయినా చెయ్యి దానంతటదే జరుగుతుంది. ఇది రాయడం కష్టం, ఎందుకంటే ఆ చోటు గురించి నిజంగా తెలిసి ఉండాలి. లిస్టు రాయడానికి ఆ అవసరం లేదు. బహుశా లిస్టులు ఇన్ని రావడానికి అసలు కారణం అదేనేమో.

విసుగు ఎక్కడ మొదలవుతుంది

అంకె చూసి ఎవరూ విసుక్కోరు. 7 అని రాస్తే ఏడు కొత్త విషయాలు ఇస్తామని మాట ఇచ్చినట్టు. లోపల మూడు తెలిసినవి, రెండు ఒకదాన్నే రెండు రకాలుగా చెప్పినవి, ఒకటి ఉత్త ఊపు మాట అయితే, చదివినవాళ్లు ఆ సంగతి మర్చిపోరు. అదే పేజీ నుంచి ఇంకో 7 కనిపించినప్పుడు లోపల ఏముంటుందో ముందే తెలిసిపోయినట్టు దాటేస్తారు. అంకె అప్పటిదాకా "ఇక్కడ ఆగు" అని చెప్పేది, ఇప్పుడు "ఇది తెలిసిందే" అని చెబుతుంది.

మీ పేజీలో ఆ దశ వచ్చిందో లేదో చూడటానికి ముందు ప్రొఫైల్ తెరవండి. మూడేసి చొప్పున కవర్లు వరసల్లో కనిపిస్తాయి. ఒక్క వరసలో రెండు కవర్ల మీద అంకె ఉంటే నాకు అది ఎక్కువే. కొత్తగా వచ్చినవాళ్లకి ఆ వరసలు చూడగానే మీరేం అమ్ముతారో అర్థం కావాలి, మీకు లెక్కలు వచ్చని కాదు.

తర్వాత ఇన్‌సైట్స్, అంటే మీ పోస్టు ఎలా నడిచిందో ఇన్‌స్టాగ్రామ్ చూపించే లెక్కలు. లైకుల్ని పట్టించుకోకండి. రీచ్‌తో పోలిస్తే ఎన్ని సేవ్‌లు, ఎన్ని షేర్లు అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. ఉదాహరణకి, ఒక లిస్టు పోస్టు 4,000 మందికి చేరి 120 సేవ్‌లు, 20 షేర్లు తెచ్చిందనుకుందాం. పోలిక పోస్టు 2,500 మందికే చేరి 40 సేవ్‌లు, 90 షేర్లు తెచ్చిందనుకుందాం. సేవ్‌ల లెక్కలో లిస్టు నూటికి మూడు, పోలిక నూటికి ఒకటిన్నర. షేర్లలో లిస్టు నూటికి అర, పోలిక మూడున్నర దాటింది. ఏది గెలిచింది? రెండూ వేరే పని చేశాయి. లిస్టుని దాచుకున్నారు. పోలికని ఇంట్లో వాళ్లకి పంపి "ఏమంటావు?" అని అడిగారు. కార్ల ఆయనకి ఫోన్లు వచ్చేది రెండోదాన్నుంచే. ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో చెప్పిన లెక్క ప్రకారం కూడా, మిమ్మల్ని ఫాలో కానివాళ్లకి పోస్టు చేరాలంటే ఇలా ఒకరికొకరు పంపుకోవడానికి బరువెక్కువ.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఒక్క పోస్టు చూసి తీర్పు చెప్పకండి. పండగ సెలవులకి ముందు వేసింది, వాన రోజున వేసింది ఒకటి కాదు. ఒకే విషయం మీద, దగ్గరదగ్గర రోజుల్లో వేసిన వాటిని జతలుగా పెట్టుకుని చూస్తేనే ఏదైనా తెలుస్తుంది. లిస్టుల సేవ్‌లు కూడా వరసగా తగ్గుతూ వస్తున్నాయంటే, అప్పుడు అది అలుపే. షేర్లు మాత్రమే తక్కువగా ఉండి సేవ్‌లు నిలకడగా ఉంటే లిస్టు తన పని తాను చేస్తోంది, దాన్ని కదపొద్దు.

కామెంట్లు కూడా చెబుతాయి. "సూపర్", "నైస్" మాత్రమే వస్తుంటే ఎవరూ లోపలికి వెళ్లలేదని లెక్క. "నాలుగోది తప్పు, ఇప్పుడు అక్కడ రోడ్డు వేరే" అని ఒకరు తగాదా పెట్టుకున్నారంటే సంతోషించండి, చదివారు.

అంకె వేయాలనే నిర్ణయించుకుంటే

వేస్తే సరిగ్గా వేయండి. మొదటి సంగతి, ఎన్ని అన్నది రాశాక తేలాలి. ఇన్‌స్టాగ్రామ్ కారౌసెల్‌లో 2017లో మొదలైనప్పటి నుంచి 2024 ఆగస్టు దాకా పది స్లైడ్లే కుదిరేవి. కవరు, చివరి స్లైడు పోను ఎనిమిది మిగిలేవి. ఏడు, ఎనిమిది అంశాల లిస్టులు అంతగా అలవాటైపోవడానికి అదీ ఒక కారణం అనుకుంటాను. ఇప్పుడు ఇరవై దాకా పెట్టొచ్చు. దాంతో కొందరు "19 చిట్కాలు" మొదలుపెట్టారు, చదివేవాళ్లకి ఓపిక మాత్రం పెరగలేదు. చెప్పడానికి నాలుగే ఉంటే కవర్ మీద 4 అనే రాయండి. చిన్న అంకె చూసి ఎవరూ పారిపోరు. నిజానికి "చాపరాయిలో కాలు జారకుండా ఉండాలంటే 3 జాగ్రత్తలు" అన్నది "అరకులో పాటించాల్సిన 12 జాగ్రత్తలు" కంటే నమ్మకంగా వినిపిస్తుంది.

రెండో స్లైడు గురించి ఎక్కువగా ఆలోచించండి. కవరు చూసి పక్కకి జరపకుండా వెళ్లిపోయినవాళ్లకి ఇన్‌స్టాగ్రామ్ ఆ పోస్టుని ఇంకోసారి చూపించేటప్పుడు తర్వాతి స్లైడుతో చూపిస్తుంటుంది. లిస్టుల్లో ఆ చోట చాలామంది "ఈ పోస్టులో ఏం చూస్తామంటే" అని ముందుమాట పెడతారు, లేదా ఒట్టి "1. బొర్రా గుహలు" అని ఉంటుంది. కవరు గుర్తులేనివాళ్లకి అది దేని గురించో తెలీదు. "1. బొర్రా: ఒక్క రోజే ఉంటే ముందు ఇక్కడికే" అంటే విడిగా చూసినా అర్థమవుతుంది. ఎంపిక పోస్టులో నేను రెండో స్లైడుని "ఒక్క రోజే ఉంటే" అని మొదలుపెట్టింది అందుకే.

మూడోది, వరస అంకెనీ ర్యాంకునీ కలపకండి. ఎక్కడిదాకా వచ్చామో చెప్పాలంటే మూలన చిన్నగా 3/7 అని వేస్తే చాలు. స్లైడు మధ్యలో పెద్ద 3 వేస్తే అది మూడో స్థానం అని చదువుతారు. నిజంగా ర్యాంకులే ఇస్తుంటే కింది నుంచి పైకి రండి, ఒకటోది చివర్లో ఉంచండి. ఇంకా, ఎందుకు అలా ర్యాంకిచ్చారో ఒక మాట రాయండి. "వైజాగ్‌లో బెస్ట్ బిర్యానీ" ర్యాంకులిచ్చి, మొదటి స్థానంలో డబ్బులిచ్చిన హోటల్ని పెట్టే పేజీలు ఊళ్లో ఉన్నాయి. జనానికి అది తెలుసు. ఆ అనుమానం మీ పేజీకి కూడా అంటుకుంటుంది.

తెలుగులో రాసేవాళ్లకి ఇంకో ఇబ్బంది. వత్తులు కిందికి, గుణింతాలు పైకి పోతాయి కాబట్టి లైన్ల మధ్య ఇంగ్లీషుకి వదిలినదానికంటే ఎక్కువ ఖాళీ కావాలి. పెద్ద అంకె ఒకటి సగం స్లైడు మింగేస్తే, మిగిలిన సగంలో తెలుగు వాక్యం రెండు లైన్లకే ఇరుకైపోతుంది. అక్షరాలు చిన్నవి చేస్తారు, వత్తులు ఒకదానిమీదొకటి పడతాయి, బస్సులో నిలబడి చూసేవాళ్లు చదవలేరు. 1080 × 1350 స్లైడులో అసలు మాటని 44 పిక్సెళ్ల కంటే చిన్నదిగా నేను పెట్టను. దానికి చోటు చాలకపోతే తగ్గించాల్సింది అంకెనే. ప్రొఫైల్‌లో కవర్ల ఆకారం ఇప్పుడు 3:4 అయింది కాబట్టి పాత చతురస్రపు డిజైన్లలో అంచుకి ఆనించిన అంకె తెగిపోయి కనిపించొచ్చు, అదీ ఒకసారి చూసుకోండి.

లింక్డ్‌ఇన్‌లో ఇదే పోస్టుని పీడీఎఫ్‌గా ఎక్కిస్తారు. అక్కడ పేజీ ఎన్నోదో అదే చూపిస్తుంది, మళ్లీ మీరు 3/7 వేయక్కర్లేదు. అరకు కార్ల వ్యాపారానికి లింక్డ్‌ఇన్ ఎంతవరకు పనికొస్తుందన్నది వేరే సంగతి.

ఇప్పటికే ఉన్న లిస్టుల్ని ఏం చేయాలి

తీసేయకండి. అన్నిటికంటే ఎక్కువ సేవ్‌లున్న లిస్టు ఒకటి చూసి ప్రొఫైల్ పైన పిన్ చేయండి. మూడు పోస్టుల దాకా పిన్ చేసుకోవచ్చు, ఒకటి లిస్టుకి ఇచ్చినా నష్టం లేదు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకి అదొక సూచిక అవుతుంది. అందులోని ఒక్కో అంశాన్ని తీసి విడిగా కారౌసెల్ చేయండి: కటికి ఒకటి, రైలా కారా అన్నది ఒకటి, పెద్దవాళ్లతో అరకు అన్నది ఒకటి. ఏడు అంశాల లిస్టులో ఇలా విప్పడానికి లొంగేవి మూడుంటే గొప్ప. మిగతా నాలుగు ఎందుకు లొంగవో చూస్తే, అవి మొదట్లోనే అంకె కోసం చేర్చినవని తెలిసిపోతుంది.

విప్పినవాటిని వరసగా వేయకుండా మధ్యలో వేరే రకం పోస్టులు పెట్టండి. ప్రతి క్యాప్షన్‌లోనూ "మిగతావి పిన్ చేసిన పోస్టులో" అని ఒక ముక్క రాయండి. ఆర్కే బీచ్ దగ్గర కుర్సురా మ్యూజియం సోమవారం మూసి ఉంటుందన్నలాంటి చిన్న సమాచారం పాత లిస్టులో లేకపోతే, కొత్త పోస్టు చేయకుండా క్యాప్షన్‌ని మార్చి చేర్చేయండి. క్యాప్షన్ ఎప్పుడైనా దిద్దుకోవచ్చు.

ఒకవేళ లిస్టులో ఒక స్లైడు తప్పని తేలితే, పోస్టు మొత్తం తీసేయకుండా ఆ ఒక్క స్లైడునే తొలగించే వీలు ఇన్‌స్టాగ్రామ్‌లో ఉంది. చిక్కంతా కవరుతోనే: ఆ బొమ్మ మీద 7 అని ఉంటుంది, లోపల ఆరే ఉంటాయి, కామెంట్లలో ఎవరో ఒకరు లెక్కపెట్టి మరీ అడుగుతారు. అందుకని ముందుముందు మారిపోయే విషయాల మీద పోస్టు అయితే, అంటే టికెట్లు, రోడ్లు, టైములు లాంటివైతే, కవర్ మీద అంకె వేయకుండా వదిలేయడం మేలు.